రంది కాగితంలో ఐదో గడి

గోదావరిఖనిలో నా గది ఒక కళ్లద్దాల దుకాణం పైన ఉంటుంది. మెట్లు ఎక్కేవాళ్లను కింద ఎవరైనా పలకరిస్తే "కండ్లు చూపిచ్చుకోను వచ్చిన" అని తప్పించుకోవచ్చు. ఈ సౌకర్యం నేను ఆలోచించి పెట్టింది కాదు, అద్దెకు దొరికింది అదొక్కటే. అయినా ఎవరైనా అడిగితే మాత్రం, జనం బెదరకుండా రావాలని కావాలనే అక్కడ తీసుకున్నానని చెబుతుంటాను. మొదట్లో బోర్డు మీద "మానసిక సలహా కేంద్రం" అని పెద్దక్షరాలతో రాయించాను. రెండు నెలలు ఒక్క మనిషీ మెట్లెక్కలేదు. ఒకసారి కింద దుకాణంలో రద్దీగా ఉన్నప్పుడు ఆ జనాన్ని ఫోటో తీసి, మా ఇంటి వాట్సాప్ గ్రూపులో "ఈరోజు మా క్లినిక్ దగ్గర" అని పెట్టాను. మా అమ్మ దాన్ని గని క్వార్టర్లలో ఇల్లిల్లూ తిప్పింది. ఇతరుల మనసులో ఏముందో అడగడం నా వృత్తి. ఆ ఫోటో ఎందుకు పెట్టావని నన్ను నేను అడిగిన పాపాన పోలేదు.

తరువాత బోర్డు తీసేశాను. అప్పుడే గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల కోసం నడిచే ఒక చిన్న సంఘం వాళ్లు నన్ను పిలిచారు. వాళ్లకు ఫోన్లు వస్తున్నాయట. జీతం గురించో, పాస్‌పోర్టు గురించో అడగడానికి చేసి, చివర్లో "నిద్ర పడుతలేదన్న" అని ఫోన్ పెట్టేస్తున్నారట. అలాంటివాళ్లతో ఫోన్లో మాట్లాడే పని నాకు అప్పగించారు. దాంతోపాటు ఇంకో పని కూడా. కుంగుబాటుకు చికిత్స మొదలుపెట్టే ముందు మేము ఒక పటం గీసుకుంటాం. దాన్ని ఫార్ములేషన్ అంటారు. ఈ మనిషికి ఇప్పుడే ఈ బాధ ఎందుకొచ్చింది, పోకుండా దాన్ని ఏది పట్టుకుని ఉంది అన్నది ఆ మనిషితో కలిసి ఒక కాగితం మీద చూసుకోవడం. పుస్తకాల్లో ఉన్న ఆ పటాన్ని గల్ఫ్‌కు పోయిన తెలంగాణ కార్మికులకు సరిపోయేలా మార్చమన్నారు.

నేను వారం రోజుల్లో మార్చి పారేశాను. "డిప్రెషన్" తీసేసి "రంది" అని పెట్టాను. ఆ మాట మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు, దానికి పిచ్చి అనే మచ్చ లేదు. "మీకు విచారంగా ఉంటుందా" అనే ప్రశ్నకు ముందు గుండె బరువు, ఒళ్లు వేడి, తలపోటు, తిండి, నిద్ర గురించి అడగాలని రాశాను. మావాళ్లకు బాధ ముందు ఒంట్లోనే కనబడుతుంది. ఐదు గడులు గీశాను. మొదటి దాంట్లో ఇప్పుడేమవుతోంది. రెండో దాంట్లో పాత గాయాలు. మూడో దాంట్లో ఈమధ్య దెబ్బ కొట్టిందేమిటి. నాలుగో దాంట్లో రందిని పోనియ్యకుండా పట్టుకున్నదేమిటి. ఐదో దాంట్లో మనిషిని నిలబెడుతున్నదేమిటి. ఒక్కో గడికి ఒక్కో రంగు వేశాను. సంఘం వాళ్లు మెచ్చుకున్నారు. గల్ఫ్ మొహం నేనెన్నడూ చూడలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నాకైతే అసలే రాలేదు.

ఆ కాగితంతో నేను మాట్లాడిన మొదటి నలుగురైదుగురిలో అతను ఒకడు. కమాన్‌పూర్ దాటాక ఒక ఊరు అతనిది. గల్ఫ్‌లో కట్టే పెద్ద పెద్ద భవనాలకు ఇనుప గొట్టాలతో మంచెలు కట్టే పని. పోయి నాలుగేళ్లయింది. శుక్రవారం సెలవు. గదిలో ఎనిమిది మంది, ఒకరి మంచం మీద ఒకరి మంచం. అక్కడ మాట్లాడితే అందరూ వింటారని, బట్టలారేసే తీగల వెనక్కి పోయి ఫోన్ చేసేవాడు. గాలికి దుప్పట్లు కొట్టుకునే చప్పుడు నాకు వినబడేది. (అతనూ అతని భార్యా ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆనవాళ్లు మార్చాను.)

"గుండెల బండ పెట్టినట్టున్నది మేడం," అన్నాడు మొదటిరోజు. "క్యాంపు డాక్టర్ మిషన్ పెట్టి చూసిండు. గుండె మంచిగనే ఉన్నదన్నడు. గ్యాస్ గోలీలిచ్చిండు."

"తింటున్నవా?"

"తింటాన. ఏం తింటానో తెలుస్తలేదు."

మూడు నెలలుగా ఇదే తీరు. పాత సైటులో జగిత్యాల వైపు దోస్తు ఒకడు ఉండేవాడు. అతను ఇంటికి వెళ్లిపోయాడు. ఇతన్ని కొత్త సైటుకు పంపారు. అక్కడ తెలుగు మాట వినబడదు. అంతకు ముందు సంగతులు అడిగితే, తమ భూమి ఓపెన్‌కాస్టు బొగ్గుగని కింద పోయిందనీ, తర్వాత రెండేళ్లకు నాయన పోయాడనీ, పద్దెనిమిదేళ్లకే ఇంటికి పెద్ద అయ్యాననీ చెప్పాడు. తమ్ముడు పాస్‌పోర్టు చేయించుకుని కూర్చున్నాడు. అన్న వీసా పంపుతాడని ఊరంతా ఎదురు చూస్తోంది.

అడగవలసిన ప్రశ్న తిప్పకుండా అడిగాను. "సచ్చిపోవాలె అనిపిస్తున్నదా?"

"లేస్తే లేశిన, లేవకపోతే లేదు. గట్లున్నది," అన్నాడు. ఎట్లా చావాలని ఆలోచించాడా, ఎత్తు మీద ఉన్నప్పుడు అలాంటిదేమైనా మనసులోకి వస్తుందా అని అడిగాను. రాలేదన్నాడు. అలా వస్తే ఎవరికి చెబుతావు, ఎవరి పక్కన కూర్చుంటావు అని ఇద్దరం కలిసి రాసుకున్నాం. గదిలో వంట చేసే నేపాలీ అన్న ఒకడున్నాడట, మాట సగమే అర్థమవుతుంది గాని మనిషి మంచివాడట. అతని పేరు మొదట, నా నంబరు తర్వాత, అక్కడి ప్రభుత్వ దవాఖాన మూడోది. అక్కడ డాక్టర్‌కు కూడా చూపించుకోమన్నాను. "మెంటల్ అని రాస్తే వీసా క్యాన్సల్ చేసి పంపిస్తరు మేడం," అన్నాడు. అది వట్టి భయం అని చెప్పేంత సంగతి నాకు తెలియదు. తెలుసుకుని చెబుతానన్నాను. ఆరోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మరుసటి శుక్రవారం నా పాండిత్యం బయటికి తీశాను. నేను గని కార్మికుడి బిడ్డను. మా నాయన షిఫ్టుల సైరన్ వింటూ పెరిగిన దాన్ని. కాబట్టి మన సంస్కృతి అంటే నా దృష్టిలో గని. "మనసు కూడ బొగ్గుబాయి లెక్కనే తమ్మీ," అన్నాను. "గాలి ఆడకుంటే లోపల ఆవిరి నిండుతది. మాట్లాడితే గాలి ఆడుతది." ఎంతో బాగా చెప్పాననుకుని ఆగాను.

"మాకు బాయి తెల్వది మేడం," అన్నాడతను. "మాకు దాని మట్టిదిబ్బ తెలుసు. ఇంటెనక ఉంటది."

నాకు నాలుక కరుచుకోవలసి వచ్చింది. మా సంస్కృతి మీది కూడా అనుకున్నాను. పాతిక కిలోమీటర్లు కూడా దాటలేదు నా సంస్కృతి. ఆ పోలికను కాగితంలోంచి కొట్టేశాను. అయితే ఇంత తగిలినా నా తెలివి నాకే ముద్దు కాబట్టి, ఆరోజే ఇంకో పెద్ద పొరపాటు చేశాను.

ఐదో గడి దగ్గరికి వచ్చాం. మనిషిని నిలబెడుతున్నదేమిటి. నేను అడగనే లేదు. "నీ కుటుంబమే కదా," అన్నాను. "ఔ మేడం," అన్నాడు. అనక ఏమంటాడు. అమ్మ, భార్య, కూతురు, తమ్ముడు అని ఆకుపచ్చ రంగులో రాశాను. పుస్తకాల్లో చదివి ఉన్నాను, మనవాళ్లకు కుటుంబమే బలం, ఒంటరితనమే విషం. వారానికి ఒక్కసారే ఇంటికి వీడియో కాల్ చేస్తున్నానని చెప్పాడు కాబట్టి, దాన్ని రోజూ చేయమన్నాను. "అందరి మొహాలు చూస్తే మనసు తేలికైతది," అన్నాను. ఇంటిపనిగా నోటు పుస్తకంలో రాసుకోమన్నాను.

మొదటిరోజు అడిగిన, కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల కాగితం మూడు వారాల తర్వాత మళ్లీ అడిగాను. అతని రంది మార్కులు తగ్గలేదు, పెరిగాయి. నిద్ర ఇంకా తగ్గింది. తిండి ఒక పూటకు వచ్చింది. చావు ప్రశ్నకు ఇదివరకు "అప్పుడప్పుడు" అన్నవాడు ఈసారి "సగం రోజులు" అన్నాడు. ముందు మళ్లీ అన్నీ అడిగాను, ప్రయత్నమేమీ లేదని తేల్చుకున్నాను, అతని చేత నేపాలీ అన్నకు సంగతి చెప్పించాను, ఎత్తు మీద పని మాన్పించి కింద గొట్టాలు సర్దే పనికి మార్చమని సంఘం తరఫున అక్కడి కంపెనీవాళ్లతో మాట్లాడించాను. ఆ తర్వాత, సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఇంటిపని చేసి ఉండడులే అనుకున్నాను.

కరీంనగర్‌లో నేను కేసులు చెప్పుకునే పెద్ద డాక్టరమ్మ ఉంది. నా తప్పులు వినడానికి నెలకోసారి రెండు గంటలు కేటాయిస్తుంది. నా రంగుల కాగితం చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి చూసింది.

"వీడియో కాల్ చేసిండా?"

"రోజూ చేసిండట మేడం."

"కాల్ల ఏమైతది?"

"మాట్లాడుకుంటరు."

"అది కాదు. ఫోన్ పట్టకముందు ఏం జేస్తడు, పట్టినంక ఏం జేస్తడు, పెట్టినంక ఏం జేస్తడు. నిమిషం నిమిషం అడిగినవా?"

అడగలేదు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపు, ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆమె తిట్టలేదు. టీ తాగించి పంపింది.

ఆ శుక్రవారం నిమిషం నిమిషం అడిగాను. అతను మొదట దాటేశాడు. తర్వాత ఒక్కొక్కటిగా చెప్పాడు. కాల్‌కు ముందు గడ్డం గీసుకుంటాడు. కింది మంచం మీద పడుకునే అతని ఇస్త్రీ అంగి అడిగి వేసుకుంటాడు. క్యాంపు కనబడకూడదు కాబట్టి ఇరవై నిమిషాలు నడిచి ఒక పెద్ద దుకాణానికి పోతాడు. అందులో పండ్లు పేర్చిన చోట వెలుతురు బాగుంటుంది. అక్కడ నిలబడి ఫోన్ పడతాడు. ఇంటి దగ్గర ఫోన్ భార్య చేతిలోంచి అమ్మకు, అమ్మ చేతిలోంచి పక్కింటివాళ్లకు పోతుంది. స్పీకరు పెద్దగా పెడతారు. కాకలు, బావలు వస్తారు. "మావోని సంగతేంది" అని తమ్ముడి వీసా అడుగుతారు. పాప బొమ్మ చూపిస్తుంది. అతను అరగంట నవ్వుతాడు. ఫోన్ పెట్టాక మళ్లీ ఇరవై నిమిషాలు నడిచి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఆ పూట తిండి తినడు.

"వారానికి ఒక్క డ్యూటీ ఉండె అక్క," అన్నాడు. మేడం పోయి అక్క వచ్చింది ఆరోజే. "నువ్వు ఏడు జేసినవ్."

అతను కోపంతో అనలేదు. నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కళ్లద్దాల దుకాణం జనాన్ని ఫోటో తీసి ఇంటికి పంపినదాన్ని నేను. ఇంటివాళ్లకు బాగున్నట్టు కనబడడానికి ఎంత కష్టపడాలో ఇంకెవరికన్నా నాకు ముందే తెలియాలి. మందు అనుకుని నేను అతనికి జబ్బునే రోజుకో మోతాదు రాసి ఇచ్చాను.

"నాదే తప్పు తమ్మీ," అన్నాను. "రోజూ చేయమన్నది ఇయ్యాలనే బంద్ చెయ్. ఇప్పుడు కాగితం నువ్వు చెప్పు, నేను రాస్త."

అతను చెప్పాడు, నేను రాశాను. ఈసారి రంగులు లేవు. వీడియో కాల్ ఐదో గడిలోంచి నాలుగో గడిలోకి వచ్చింది. నవ్వుతాను, ఎవరికీ తెలియదు, తెలియదు కాబట్టి ఒంటరినవుతాను, ఒంటరినవుతాను కాబట్టి బరువు పెరుగుతుంది, పెరిగిన కొద్దీ ఇంకా గట్టిగా నవ్వాలి. అతని మాటల్లో ఇది ఒక చక్రమై కూర్చుంది. "మంచిగ లేనని చెప్తే ఏమైతది?" అని అడిగితే, "దుబాయ్‌ల ఉండలేక పిచ్చిలేశి వచ్చిండు అంటరు. తమ్మునికి పిల్లనియ్యరు. అవ్వ తలెత్తుకోలేదు," అన్నాడు. అదీ నాలుగో గడిలోనే రాశాం.

ఐదో గడి ఖాళీ అయింది. చాలాసేపు ఖాళీగానే ఉంది. నేను నోరు మూసుకుని ఉన్నాను, అది నాకు అలవాటు లేని పని.

"మా ఇంటామె ఒక్కతే ఉన్నప్పుడు మాట్లాడితే వేరే ఉంటది," అన్నాడు చివరికి. "ఆమె ఒక్కటే అడుగుతది, ఏం తిన్నవని. కాని ఒక్కతే ఎప్పుడుంటది అక్క."

ఆమె బీడీలు చుడుతుంది. చుట్టిన బీడీలు అప్పగించడానికి కేంద్రానికి నడిచి వెళ్లి వస్తుంది. ఆ దారిలో పది నిమిషాలు ఆమె ఒక్కతే. వీడియో లేకుండా, వారానికి మూడు రోజులు, ఆ పది నిమిషాల్లో మాట్లాడాలని పెట్టుకున్నాం. ఇంటికి వీడియో కాల్ మళ్లీ శుక్రవారం ఒక్కటే, అదీ పది నిమిషాలు. మిగిలిన సాయంత్రాలు నేపాలీ అన్నకు కూరగాయలు తరగాలి, పనయ్యాక క్యాంపు చుట్టూ ఒక చుట్టు నడవాలి. మనసు బాగయ్యాక చేద్దామని కాదు, చేస్తుంటే మనసు కదులుతుందేమో చూద్దామని. ఈలోగా నేను వీసా సంగతి కనుక్కున్నాను. దవాఖానలో చూపించుకున్నంత మాత్రాన వీసా పోదని ఆ దేశంలో పనిచేసే సంఘం మనిషి తేల్చి చెప్పాడు. ఆ మనిషే వెంట ఉండి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు మందు మొదలుపెట్టాడు. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో తనంతట తాను ఆపొద్దని చెప్పాడు.

రెండో వారానికి తిండి రెండు పూటలైంది. కాని అసలు మాట ఇంకా భార్యతో అనలేదు. ఏం తిన్నావంటే చెబుతున్నాడు, ఎట్లున్నావంటే మంచిగనే ఉన్న అంటున్నాడు. అది దాటకపోతే చక్రం తెగదని ఇద్దరికీ తెలుసు. మందు సగం పని చేస్తుంది, మిగిలిన సగం ఆ మాటలో ఉంది. చివరికి, ఆమెను నా గదికి రమ్మను, అక్కడి నుంచే చెప్తానన్నాడు. నేనేం చెప్పాలో, ఏం చెప్పకూడదో కూడా ముందే మాట్లాడుకున్నాం. చావు సంగతి అతను చెబితేనే, నేను చెప్పకూడదు.

ఆమె కళ్లు చూపించుకోవాలని ఇంట్లో చెప్పి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. వేళ్ల చివర్లు పొగాకు రంగు. నేను అతని కోసం నాలుగు వాక్యాలు తయారు చేసి ముందే పంపాను. "నాకు రంది అయింది, ఇది పిచ్చి కాదు, మందు ఉంది, తగ్గుతుంది." ఎంతో జాగ్రత్తగా, మన మాటల్లో రాశాను. ఫోన్ స్పీకరులో పెట్టి టేబుల్ మీద ఉంచాను.

అతను వాటిలో ఒక్కటీ అనలేదు. నేను గొంతు సవరించుకుని వాటిని నేనే చదివేద్దామని కాగితం తీశాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"నువ్వు ఏస్కునే అంగి నీది కాదు," అంది ఫోన్‌తో. "బుజాలకాడ జారుతది. వారం వారం చూస్తాన."

ఆమె అక్కడితో ఆగలేదు.

"రోజు గవే పండ్లు నీ యెనక. పండ్ల దుకాణంల పనా నీది? మీ రూమ్ చూపెట్టు అంటే నీకు సిగ్గయితదని అడగలే. నువ్వు నవ్వుతానవ్ కదా, నవ్వనియ్యి అనుకున్న."

"నేను మంచిగ లేను," అన్నాడతను.

ఈ ఐదు నెలల్లో, నాలుగేళ్లలో కూడా కావచ్చు, ఆ మాట అతను ఇంటి మనిషితో అన్నది అదే మొదటిసారి. తర్వాత అన్నీ చెప్పాడు. లేవకపోయినా బాగుండు అనిపించేదన్నది కూడా చెప్పాడు. ఆమె ఏడ్చింది, మాట మాత్రం తొణకలేదు.

"వీసా సంగతి తమ్మునికి నేను చెప్త. అత్తకు కూడ నేనే చెప్త, పాణం మంచిగ లేదని చెప్త, గంతే. స్పీకర్ పెట్టనియ్య. నువ్వు గోలీలు బంద్ చెయ్యకు. ఉంటవా, వస్తవా నువ్వే చూస్కో. వస్తే రా. ఎవలన్న ఏమన్న అంటే నేను చూస్కుంట."

"ఇంకో రెండు నెలలు చూస్త," అన్నాడు. "మందు పనిచేస్తాంది అనిపిస్తాంది."

"ఏం తిన్నవ్?"

"అన్నం, ఆలుగడ్డ. నేనే కోసిన."

ఫోన్ పెట్టేశాక నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. సంతోషం వస్తే నాకు ఉపన్యాసం కూడా వస్తుంది. కాగితం ఆమె ముందు పెట్టి, ఖాళీగా ఉన్న ఐదో గడిలో ఆమె పేరు పెద్దక్షరాలతో రాశాను. "చూసినవా చెల్లె, అతన్ని నిలబెట్టింది నువ్వే," అన్నాను. ఇలా చూపిస్తే కుటుంబానికి ధైర్యం వస్తుందని నా పద్ధతుల పుస్తకంలో నేనే రాసుకున్నాను.

ఆమె ఆ గడిని చాలాసేపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. తలుపు దాకా పోయి ఆగింది.

"అక్క, గీ కాగితం ఆయనకే రాస్తవా, ఆడోళ్లకు కూడ రాస్తవా?"

"ఎవరికి?" అన్నాను. ఇన్ని పొరపాట్లు చేసి కూడా ఇంకా అడుగుతున్నాను.

"నాకు," అంది. "నాకు కూడ నిద్ర పడుతలేదు."

ఎన్ని రోజుల నుంచి అని అడిగాను. ఆయన పోయినకాడి నుంచి, అంది.